పటం లేకున్నా రేఖ ఎటు జరిగిందో చెప్పొచ్చు

‘పై పటంలో ఏ రేఖ ఎటు జరిగింది?’ అని ఎకనామిక్స్ ప్రశ్న. జిరాక్సులో ఆ పటమే రాలేదు. అయినా ధర, అమ్ముడైన సరుకు ఎటు మారాయో ప్రశ్నలో ఉంటే జవాబు రాయొచ్చు.

ఒక్క రేఖే జరిగిందనుకుందాం. ధర, సరుకు రెండూ పెరిగితే డిమాండు రేఖ కుడికి జరిగినట్టు, రెండూ తగ్గితే ఎడమకు. ఒకటి పెరిగి మరొకటి తగ్గితే జరిగింది సరఫరా రేఖ. ధర పెరిగి సరుకు తగ్గితే అది ఎడమకు, ధర తగ్గి సరుకు పెరిగితే కుడికి.

2023 జులైలో వానలకు, తెగుళ్లకు టమాటా దిగుబడి పడిపోయింది. చాలా నగరాల్లో కిలో 100 రూపాయలు దాటింది. ధర పైకి, సరుకు కిందికి. అంటే సరఫరా రేఖ ఎడమకు జరిగింది.

విద్యార్థులు తడబడేది ఇక్కడే. ధర పెరిగింది కాబట్టి డిమాండు తగ్గిందంటూ రెండో రేఖనూ జరిపేస్తారు. కిలో కొనే ఇల్లాలు అరకిలోతో సరిపెట్టుకుంటే, అది అదే డిమాండు రేఖ మీద పైకి కదలడమే. ఆదాయమో, అభిరుచో, చింతపండు ధరో మారితేనే ఆ రేఖ చోటు మారుతుంది.

పంట దెబ్బతిన్నప్పుడే పెళ్లిళ్ల గిరాకీ కూడా వస్తే? ధర పెరగడం ఖాయం. సరుకు పెరుగుతుందా, తగ్గుతుందా అన్నది ఏ రేఖ ఎక్కువ జరిగిందన్న దాన్నిబట్టి ఉంటుంది. ఆ వివరం ప్రశ్నలో లేకపోతే ‘చెప్పలేం’ అన్నదే సరైన జవాబు.