నిద్రకని వేసుకునే ఓలాంజపిన్: అపోహలు – వాస్తవాలు

అపోహ: ఇదీ ఒక నిద్రమాత్రే.

వాస్తవం: ఓలాంజపిన్ స్కిజోఫ్రీనియాకు, బైపోలార్ జబ్బుకు ఇచ్చే మందు. అమెరికాలో 1996లో స్కిజోఫ్రీనియాకు దీన్ని అనుమతించారు. ఉత్త నిద్రలేమికి ఆ అనుమతి లేదు. అయినా రాత్రిపూట 2.5 లేదా 5 మిల్లీగ్రాముల మాత్ర రాసే డాక్టర్లున్నారు. మామూలు మత్తుమాత్రల్లా అలవాటైపోదన్నది వాళ్ల ఆలోచన. అలా రాయడం నేరమేమీ కాదు. చిక్కల్లా రెండు వారాలకని రాసిన మాత్ర రెండేళ్లు నడవడంలో ఉంది. పాత చీటీ మెడికల్ షాపులో చూపిస్తే స్ట్రిప్పు చేతికొస్తుంది, తూకం చూసేవాళ్లు మాత్రం ఉండరు.

అపోహ: బరువు పెరిగితే అది తిండి అదుపులో లేకే. మాత్ర మీద నెట్టడం ఎందుకు?

వాస్తవం: మెదడులో మనల్ని మెలకువగా ఉంచే రసాయనాల్లో హిస్టమిన్ ఒకటి. ఓలాంజపిన్ దాని పనిని గట్టిగా అడ్డుకుంటుంది. కొన్ని జలుబు మాత్రలు వేసుకుంటే కళ్లు మూతలు పడేదీ ఇందువల్లే. కానీ కడుపు నిండిందని మనకు తెలియడంలోనూ ఆ హిస్టమిన్‌కు వాటా ఉంది. ఆకలిని అణచే సెరటోనిన్ సంకేతాన్ని కూడా ఈ మందు పట్టి ఆపుతుంది. అంటే నిద్ర తెప్పించే గుణాన్ని ఉంచుకుని, ఆకలి పెంచే గుణాన్ని వదిలించుకోవడం కుదరదు.

పైగా రాత్రి వేసుకున్న మాత్ర తెల్లారేసరికి ఒంట్లోంచి పోదు. రక్తంలో అది సగానికి తగ్గడానికే సగటున 30 గంటలు పడుతుంది. ఆ సగం పోకముందే మర్నాటి మాత్ర వచ్చి చేరుతుంది. మందు పగలంతా ఆకలి మీద పనిచేస్తూనే ఉంటుంది. అన్నం తిని లేచిన గంటకే మళ్లీ డబ్బాల మూతలు తీసే మనిషిని ఇంట్లోవాళ్లు తిండిపోతు అంటారు. నన్నడిగితే అది అన్యాయం.

అపోహ: 5 మిల్లీగ్రాములే కదా, షుగర్ దాకా ఎందుకు వెళుతుంది?

వాస్తవం: ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. 48 ఏళ్ల టీచరమ్మ, బరువు 64 కిలోలు. వాళ్ల నాన్నగారికి షుగర్ ఉంది. నిద్ర పట్టక రోజూ 5 మిల్లీగ్రాములు మొదలుపెట్టారు. మొదలుపెట్టేనాటికి పరగడుపు షుగర్ 96. నాలుగు వారాలకు 66 కిలోలయ్యారు. రెండు కిలోలే కదా అని ఎవరూ పట్టించుకోలేదు. పన్నెండు వారాలకు 69 కిలోలు, పరగడుపు షుగర్ 117. 100 నుంచి 125 మధ్య ఉంటే షుగర్ ముంగిట ఉన్నట్టు. 126 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండి, మరో పరీక్షలోనూ అలాగే వస్తే షుగర్ వ్యాధి కిందే లెక్క. మొదటి బరువులో 7 శాతం పెరిగితే డాక్టర్లు దాన్ని తేలిగ్గా తీసుకోరు. ఆవిడ విషయంలో 7 శాతమంటే నాలుగున్నర కిలోలు. ఆవిడ అయిదు పెరిగారు. నిజానికి నాలుగో వారంలోనే మందు గురించి మళ్లీ ఆలోచించాల్సింది. తొలి వారాల్లో చకచకా పెరిగేవారే తర్వాతా ఎక్కువగా పెరుగుతుంటారు.

అందరికీ ఇలాగే అవుతుందని కాదు. కానీ ఎవరికి అవుతుందో ముందే చెప్పడం కష్టం. అందుకే అమెరికాలో డయాబెటిస్, సైకియాట్రీ సంఘాలు 2004లో ఒక పద్ధతి చెప్పాయి: మందు మొదలుపెట్టే ముందు బరువు, నడుము చుట్టుకొలత, బీపీ, పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్ చూడాలి. 4, 8, 12 వారాల్లో మళ్లీ బరువు, 12 వారాలకు మళ్లీ షుగర్ చూడాలి. ఇది జబ్బుకు వాడేవాళ్ల కోసం చెప్పింది. నిద్రకని వేసుకునేవాళ్లకు చాలాసార్లు ఇందులో ఒక్కటీ జరగదు.

అపోహ: బరువు పెరగలేదు, కాబట్టి షుగర్ భయం లేదు.

వాస్తవం: ఆరోగ్యవంతులకు తొమ్మిది రోజులు ఓలాంజపిన్ ఇచ్చి చూసిన పరిశోధన ఒకటి 2013లో వెలువడింది. బరువు పెరుగుదలతో సంబంధం లేకుండానే వాళ్ల ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం తగ్గింది. అక్కడిచ్చిన మోతాదు నిద్రకు రాసేదానికంటే ఎక్కువే, నిజమే. కానీ తూకం ఒక్కటే చూసి ధీమాగా ఉండలేమని అది చెబుతోంది. విపరీతమైన దాహం, రాత్రి మాటిమాటికీ మూత్రానికి లేవడం, నీరసం కనిపిస్తే వెంటనే షుగర్ చూపించుకోవాలి. మూత్రానికి లేవడాన్ని నిద్రలేమిగా పొరబడి మాత్ర పెంచమని అడిగేవాళ్లూ ఉంటారు.

అపోహ: భయమేస్తే ఈ రాత్రే మానేస్తే సరి.

వాస్తవం: స్కిజోఫ్రీనియాకో, బైపోలార్‌కో వాడుతున్నవాళ్లు ఇది చదివి మందు ఆపకూడదు. వాళ్లకు దానివల్ల కలిగే మేలు వేరు, జబ్బు తిరగబెడితే జరిగే నష్టం వేరు. నిద్రకని వాడుతున్నవాళ్లు కూడా రాసిన డాక్టరుతో మాట్లాడి మెల్లగా తగ్గించుకోవాలి. ఒక్కసారిగా ఆపితే కొన్ని రాత్రులు నిద్ర మునుపటికంటే కరువవుతుంది, వాంతి వచ్చినట్టూ ఉండొచ్చు. అది చూసి “ఈ మాత్ర లేకపోతే నాకు నిద్రే రాదు” అనుకుని మళ్లీ మొదలుపెడతారు. నిజానికి ఆ రాత్రులు చాలావరకు మందు వదలడం వల్ల వచ్చినవే.