జీపీఎస్ పంపిన వరుసను చదవడం

జీపీఎస్ మాడ్యూల్ సీరియల్ తీగ మీద తన స్థానాన్ని అక్షరాల వరుసగా పంపుతుంది. మిట్టమధ్యాహ్నం చార్మినార్ దగ్గర ఇలా రావచ్చు:

```
$GPGLL,1721.696,N,07828.482,E,063000,A*28
```

సమయం గ్రీనిచ్‌ది, ఐదున్నర గంటలు కలిపితే మన పన్నెండు.

ముందు చివరి 28ని సరిచూడాలి. `$`కీ `*`కీ నడుమనున్న అక్షరాల కోడ్‌లను, కామాలతో సహా, వరుసగా ఎక్సార్ చేస్తే హెక్స్‌లో 28 రావాలి. దారిలో ఒక్క అక్షరం చెడినా లెక్క తప్పుతుంది. ఆ వరుసను వదిలేయాలి. సరిపోతేనే కామాల దగ్గర విడగొట్టాలి. అప్పుడు కూడా `A` బదులు `V` కనిపిస్తే స్థానం ఇంకా దొరకలేదన్నమాట.

ఎక్కువమంది పొరబడేది 1721.696 దగ్గర. అది 17 డిగ్రీల 21.696 నిమిషాలు. నిమిషాలను 60తో భాగించి కలిపితే 17.3616 డిగ్రీలు. చుక్కను జరిపి 17.21696 అనుకుంటే దాదాపు 16 కిలోమీటర్లు దక్షిణాన తేలతాం. వరుస చెక్కుచెదరకుండానే వచ్చింది కనుక ఈ తప్పు చెక్‌సమ్‌కు చిక్కదు. తెలిసిన చోట నిలబడి మ్యాపుతో పోల్చి చూడాలి.