పాఠం ఎక్కడ జారింది?

0.4 పెద్దదా... 0.35 పెద్దదా? మీ ఇంట్లో ఆరో తరగతి పిల్లలుంటే ఒకసారి అడిగి చూడండి. చాలామంది తడుముకోకుండా 0.35 అంటారు. ఎందుకంటే నాలుగు కన్నా ముప్పై అయిదు పెద్దది కదా! పాఠం విన్నాక కూడా తరగతిలో సగానికి పైగా ఇదే జవాబు రాస్తే, లోపం పిల్లల్లో కాదు, లెసన్‌ ప్లాన్‌లో వెతకాలి. అలాగని ప్లాన్‌ మొత్తం చించేయక్కర్లేదు. జారిన మెట్టు ఏదో పట్టుకుంటే చాలు.

ఎలా పట్టుకోవాలో చూద్దాం. అనకాపల్లి జిల్లా నర్సీపట్నంలో 36 మంది ఉన్న ఓ ఆరో తరగతి అనుకోండి. దశాంశాల పాఠానికి మాస్టారి ప్లాన్‌లో నాలుగు మెట్లు... స్థాన విలువలు గుర్తుచేయడం, పదో వంతు, నూరో వంతు చెప్పడం, రూపాయలు-పైసలతో పోల్చడం, అభ్యాసం. తరగతి బ్రహ్మాండంగా సాగింది. పరీక్ష పెడితే మాత్రం బోల్తా!

మార్కులు కాదు, దొంతర్లు
మాస్టారు ఇచ్చిన లెక్కలు మూడు. ప్రతి జతలో ఏది పెద్దదో చెప్పి, ఎందుకో ఒక్క వాక్యంలో రాయాలి. 3.40, 3.35 జతను దాదాపు అందరూ సరిగ్గా రాశారు. 0.4, 0.35 జతలో 15 మందే నెగ్గారు. 0.3, 0.45 జతలో 30 మంది నెగ్గారు. మార్కులు మాత్రమే చూస్తే తలాతోకా దొరకదు. అందుకే కాగితాలను మార్కుల్ని బట్టి కాకుండా, పిల్లలు రాసిన కారణాన్ని బట్టి దొంతర్లు పెట్టాలి.

మొదటి దొంతర 21 మందిది. ‘అంకెలు ఎక్కువుంటే పెద్దది’ అన్నది వాళ్ల సూత్రం. 0.45 విషయంలో ఆ తప్పు సూత్రమే వాళ్లను గట్టెక్కించింది. రెండో దొంతర ఆరుగురిది. నూరో వంతు చిన్నది కాబట్టి ‘అంకెలు తక్కువుంటేనే పెద్దది’ అనుకున్నారు. 0.4 దగ్గర అదృష్టం కలిసొచ్చింది, 0.3 దగ్గర దొరికిపోయారు. నిజంగా అర్థమైంది మిగిలిన తొమ్మిది మందికే.

ఇది మన పిల్లల తప్పే అనుకోకండి. లారెన్‌ రెస్నిక్‌ బృందం 1989లో ప్రచురించిన అధ్యయనంలో అమెరికా, ఇజ్రాయెల్‌, ఫ్రాన్స్‌ పిల్లల్లోనూ ఇలాంటి సొంత సూత్రాలే కనిపించాయి.

డైరీ ఏం చెప్పింది?
ఆరోజు సాయంత్రమే మాస్టారు డైరీలో రెండు మాటలు రాసుకున్నారు. ‘రూపాయల లెక్కలు పది ఇచ్చాను, అంతా ఒకే గొంతుతో చెప్పారు.’ ‘1.5 రూపాయలంటే రూపాయి అయిదు పైసలన్నారు ఇద్దరు. సరిచేసి ముందుకెళ్లాను.’

దొంతర్ల పక్కన ఈ మాటలు పెడితే గుట్టు బయటపడుతుంది. పైసలను ఎప్పుడూ రెండంకెల్లోనే రాస్తాం. 3.40, 3.35 జతలో చుక్కను మరిచి నలభైని ముప్పై అయిదుతో పోల్చినా జవాబు సరిగ్గానే వస్తుంది. అంటే మూడో మెట్టులో తప్పు ఆలోచనకూ ఒప్పు జవాబే వచ్చింది. అందరూ ఒకే గొంతుతో చెప్పడంతో ఆ తేడా వినిపించలేదు. కూరల కొట్లో ఎలక్ట్రానిక్‌ కాటా తెచ్చినా ఇదే చిక్కు. 0.400, 0.350 అని అదీ సమానంగా అంకెలు చూపిస్తుంది.

మార్చింది ఒక్క మెట్టే
మిగతావి అలాగే ఉంచి మూడో మెట్టునే మార్చాలి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఇద్దరికో మీటరు పొడవు కాగితం పట్టీ ఇచ్చి, పది సమాన భాగాలుగా గీయించాలి. ముందు ఏది పెద్దదో ఎవరికి వాళ్లు రాసుకోవాలి. తర్వాత 0.4కి నాలుగు భాగాలు రంగు వేయాలి. 0.35కి మూడు భాగాలు వేసి, నాలుగో భాగాన్ని మళ్లీ పదిగా గీసి అందులో అయిదు వేయాలి. ఒకటి 40 సెంటీమీటర్లు, ఇంకోటి 35... కళ్లకే కనిపిస్తుంది. చదివేటప్పుడు ‘సున్నా పాయింట్‌ ముప్పై అయిదు’ అనకుండా ‘మూడు అయిదు’ అనిపించాలి. రూపాయలను అభ్యాసంలోకి జరపాలి. పది నోటి లెక్కలను నాలుగుకు తగ్గిస్తే పట్టీకి సమయం దొరుకుతుంది.

పట్టీ మీద 0.4కే సరిగ్గా రంగు వేయలేని వాళ్లుంటే చిక్కు మూడో మెట్టుది కాదు. పదో వంతు దగ్గరే ఉంది. వాళ్లను రెండో మెట్టుకు తీసుకెళ్లాలి.

మళ్లీ పరీక్షకు కొత్త జతలు కావాలి. 0.6, 0.48 మొదటి సూత్రాన్ని పట్టిస్తుంది. 0.2, 0.75 రెండోదాన్ని పట్టిస్తుంది. 2.5, 2.50 సమానమని చెప్పగలిగితే సున్నా సంగతీ తెలిసినట్టే. ఇదే పరీక్ష మూడు వారాలాగి ఇంకోసారి పెట్టాలి. పాత సూత్రాలు అంత తేలిగ్గా వదలవు మరి!