బెల్లం ఎప్పుడు వెయ్యాలి?

"ఆ గిన్నె వద్దమ్మమ్మా, నిలబడదు" అన్నాడు నిహాల్.

అమ్మమ్మ తెనాలి నుంచి చీరల మధ్య చుట్టి తెచ్చుకున్న ఇత్తడి గిన్నె అది. సంక్రాంతి పొంగలి కోసమని లోపల కొత్తగా కళాయి పూయించింది. తీరా చూస్తే డాలస్‌లో కూతురి ఇంట్లో గాజు పలక పొయ్యి. అడుగు గుండ్రంగా ఉన్న గిన్నె ఒక పక్కకి ఒరిగిపోయింది. ఆవిడ గునవకుండా చదునడుగు స్టీలు గిన్నె అందుకుంది.

బియ్యం సంచిలోంచి గుప్పెడు తీసి వాసన చూసింది. "ఇవి పాత బియ్యంరా. ఊళ్ళో పండగకి కొత్త బియ్యం వస్తాయి, గ్లాసుకి నాలుగు గ్లాసుల తడి చాలు. వీటికి అయిదు పోయాలి. రెండు పాలు, మూడు నీళ్ళు."

ఒక గ్లాసు బియ్యం, పావు గ్లాసు పెసరపప్పు. పప్పుని కమ్మటి వాసన వచ్చేదాకా వట్టి మూకుట్లో వేయించి, బియ్యంతో కలిపి కడిగింది. పాలల్లో కాసిని నీళ్ళు కలిపి పొయ్యి మీద పెట్టి, నిహాల్‌ని కాపలా ఉంచింది. పాలు అంచు దాటగానే వాడు పొయ్యి ఆపేశాడు. పాలు ఆగలేదు! కరెంటు పొయ్యి కదా, ఆపినా పలక వేడి అలాగే ఉంటుంది. అమ్మమ్మ రెండు గుడ్డలు పట్టుకుని గిన్నెనే పైకి లేపేసింది.

"పొంగాయి చాలు. తూర్పు వైపే పొంగాయి" అంది తృప్తిగా. వాడి అమ్మకి మాత్రం ఆ పలక మీద మాడిన మరకే కనబడింది.

మిగిలిన నీళ్ళు, బియ్యం, పప్పు పడ్డాయి. సన్నటి సెగ మీద సగం ఉడికాయో లేదో, నిహాల్ తురిమిన బెల్లం గిన్నె పట్టుకొచ్చాడు. "ఇప్పుడే వేసేద్దాం. అన్నీ కలిసి ఉడికిపోతాయి."

అమ్మమ్మ వద్దనలేదు. ఒక గరిటెడు తీసి చిన్న గిన్నెలో పోసింది. "దీంట్లో నీ ఇష్టప్రకారం వెయ్యి. పెద్దదాంట్లో నా ఇష్టప్రకారం చేస్తా."

రెండు గిన్నెలూ పక్కపక్కన ఉడికాయి. చిన్నగిన్నెలో పాలు కాసేపటికే విరిగి తునకలయ్యాయి. మరిగే పాలల్లో బెల్లం పడితే అందులోని పులుపుకి అలా అవుతుంది. కొంతసేపయ్యాక అమ్మమ్మ రెంటిలోంచీ ఒక్కో మెతుకు తీసి వాడి వేళ్ళ మధ్య పెట్టింది.

"నొక్కు. నోట్లో పెట్టుకోకు, నైవేద్యం కావాలి ఇంకా."

పెద్దగిన్నెలో మెతుకు వెన్నలా నలిగింది. చిన్నదాంట్లోది పైన మెత్తగానే ఉంది, నడుమ మాత్రం పలుకు తగిలింది.

"ఎందుకలా?"

"తీపి తగిలితే బియ్యం ఇంక ఉడకవురా. అందుకే పలుకు పోయాకే బెల్లం."

ఎందుకో వాడి అమ్మ చెప్పింది. కరిగిన బెల్లం నీళ్ళని తన దగ్గరే పట్టి ఉంచుకుంటుంది. గింజ లోపలి పిండి ఉబ్బడానికి కావలసిన నీళ్ళు దానికి అందవు.

గ్లాసున్నర బెల్లాన్ని అరగ్లాసు నీళ్ళల్లో కరిగించి, అమ్మమ్మ జల్లెడలో వడకట్టింది. అడుగున ఇసుక, చెరకు పీచు చూసి నిహాల్ మొహం చిట్లించాడు. పెద్దగిన్నె దించి రెండు నిమిషాలు ఆగి, వేడి తగ్గాక పాకం పోసి కలిపింది. మళ్ళీ సన్నటి సెగ మీద పెట్టి నెయ్యి వేస్తూ తిప్పింది. గరిటె నుంచి ఇంకా జారుతూ ఉండగానే దించేసింది. చల్లారితే అదే గట్టిపడుతుందట. గట్టిపడేదాకా పొయ్యి మీద ఉంచితే మధ్యాహ్నానికి ముద్దవుతుంది.

నేతిలో వేగిన జీడిపప్పు, కిస్మిస్, ఏలకుల పొడి వేశాక, బియ్యపు గింజలో సగమంత పచ్చకర్పూరం నలిపింది. సాయం చేద్దామని నిహాల్ దేవుడి గూట్లోంచి కర్పూరం బిళ్ళ తెచ్చాడు. అమ్మమ్మ చటుక్కున వాడి చెయ్యి పట్టుకుంది. "అది హారతికి. తింటే విషం. దాని డబ్బా వంటింట్లోకే రాకూడదు."

నైవేద్యం అయ్యింది. అందరూ పెద్దగిన్నె మీద పడితే నిహాల్ ముందుగా తన చిన్నగిన్నెలోదే తిన్నాడు. తియ్యగానే ఉంది, పళ్ళ కింద కరకరలాడుతోంది.

అమ్మమ్మ వాడి మొహం చూసి నవ్వింది. "అచ్చం మీ అమ్మ పెళ్ళైన కొత్తల్లో చేసినట్టే ఉందా?"

"అమ్మా!" అని పక్కగదిలోంచి కేక.