రెండో సిమ్‌కి ఓటీపీ ఎందుకు ఆలస్యమవుతుంది?

చాలామంది ఫోన్లలో మొదటి సిమ్ రోజూ మాట్లాడుకోవడానికి, ఇంటర్నెట్‌కి. బ్యాంకులో ఇచ్చిన పాత నంబరేమో రెండో సిమ్‌లో ఉంటుంది. మామూలు రోజుల్లో ఈ ఏర్పాటుతో ఇబ్బంది ఉండదు. డబ్బు పంపాల్సిన సమయంలోనే ఓటీపీ రాదు, వచ్చినా గడువు దాటాక వస్తుంది. తప్పు బ్యాంకుదే అనుకుంటాం కానీ, చాలాసార్లు కారణం మన చేతిలోని ఫోనే.

రెండు సిమ్‌లున్నా, ఎక్కువ ఫోన్లలో ఒకేసారి రెండు నెట్‌వర్క్‌లతో పూర్తిగా మాట్లాడగల ఏర్పాటు ఉండదు. ఖాళీగా ఉన్నప్పుడు ఫోను రెండు టవర్లనూ వంతులవారీగా వింటూ ఉంటుంది. మొదటి సిమ్‌లో కాల్ మొదలైందంటే రేడియో మొత్తం దానికే అంకితమవుతుంది. ఆ కాసేపు రెండో సిమ్ తన టవర్ పిలుపు వినలేదు. తెరపై సిగ్నల్ గీతలు కనిపిస్తున్నా అంతే.

ఒక ఉదాహరణ చూద్దాం. కాలేజీ ఫీజు కడుతూ, ఏదో అనుమానం వచ్చి మొదటి సిమ్‌తో కాలేజీ ఆఫీసుకు ఫోన్ చేశారు. మాట్లాడుతూనే 10:02కి ఓటీపీ అడిగారు. దాని గడువు 5 నిమిషాలు. బ్యాంకు వెంటనే పంపింది. నెట్‌వర్క్ రెండో సిమ్‌ను పిలిచింది, జవాబు లేదు. అప్పుడు ఆ సందేశం పోదు. ఆపరేటర్ దగ్గరుండే ఎస్సెమ్మెస్ సెంటర్లో ఆగుతుంది. తాళం వేసిన ఇంటికి వచ్చిన పోస్ట్‌మన్ ఉత్తరాన్ని వెనక్కి తీసుకెళ్లి మళ్లీ తెచ్చినట్టు, కాసేపాగి మళ్లీ ప్రయత్నిస్తుంది. విఫలమైన ప్రతిసారీ ఆ విరామం పెరుగుతూ పోవచ్చు.

10:04కి మీరు కాల్ పెట్టేశారు. ఇక వచ్చేయాలి కదా? అసలు చిక్కు ఇక్కడే. కాల్ ముగిసినంత మాత్రాన రెండో సిమ్ తన టవర్‌కి ‘నేనున్నాను’ అని చెప్పదు, మళ్లీ మౌనంగా వినడం మొదలుపెడుతుంది. కాబట్టి సెంటర్ తన తర్వాతి ప్రయత్నం వరకూ ఆగుతుంది. అది 10:09కి జరిగితే ఓటీపీ చేరుతుంది, కానీ అప్పటికి పనికిరాదు. మధ్యలో మీరు ‘మళ్లీ పంపు’ నొక్కి ఉంటే ఇంకో తలనొప్పి. సాధారణంగా కొత్త ఓటీపీ రాగానే పాతది చెల్లదు. పాతది ఆలస్యంగా వచ్చి తెరపై పైకి చేరితే, అదే కొత్తదనుకుని కొట్టేస్తాం. అలా కొన్నిసార్లు తప్పు కొడితే బ్యాంకు లావాదేవీలను తాత్కాలికంగా ఆపేయవచ్చు.

అందుకని కాల్ పెట్టేయండి. ఫ్లైట్ మోడ్ ఆన్ చేసి, కొన్ని క్షణాలాగి ఆఫ్ చేయండి. రెండు సిమ్‌లూ టవర్ల దగ్గర మళ్లీ నమోదవుతాయి. రెండో సిమ్ అందుబాటులోకి వచ్చిందన్న కబురు సెంటర్‌కి చేరి, ఆగిన సందేశం కదులుతుంది. లావాదేవీ మధ్యలో ఎవరితోనైనా మాట్లాడక తప్పదంటే, బ్యాంకు నంబరున్న సిమ్‌తోనే మాట్లాడండి. కాల్‌లో ఉన్న సిమ్‌కి ఎస్సెమ్మెస్ రావడానికి అడ్డంకి లేదు. ఇంట్లో వైఫై ఉండి, ఆపరేటర్ వైఫై కాలింగ్ ఇస్తుంటే రెండు సిమ్‌లకూ ఆన్ చేసుకోవడం మరో దారి.

మీ ఫోన్‌కి ఈ ఇబ్బంది ఉందో లేదో తేల్చుకోవడం తేలిక. మొదటి సిమ్‌లో కాల్ మాట్లాడుతుండగా, ఇంట్లో ఇంకొకరి ఫోన్ నుంచి రెండో నంబరుకు కాల్ చేయించండి. స్విచాఫ్ అనో, అందుబాటులో లేదనో వినిపిస్తే కారణం ఇదే. కాల్ లేనప్పుడు అదే నంబరుకు మామూలు ఎస్సెమ్మెస్ పంపించి చూడండి. అదీ రాకపోతే సిమ్, సిగ్నల్ లేదా రీఛార్జ్ సంగతి చూడాలి. అది వచ్చి, ఓటీపీ ఒక్కటే రాకపోతే మెసేజ్ యాప్‌లో స్పామ్, బ్లాక్ చేసినవాటి ఫోల్డర్ వెతకండి. బ్యాంకులో ఏ నంబరు నమోదై ఉందో కనుక్కోండి.

ఫ్లైట్ మోడ్ ఏమీ చేయలేని సందర్భాలూ ఉన్నాయి. సిమ్ పోయిందనో, ఈ-సిమ్‌కి మారుదామనో కొత్తది తీసుకుంటే, టెలికాం శాఖ నిబంధన ప్రకారం మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు. మీ పేరుతో మోసగాళ్లు సిమ్ తీసుకుని ఖాతా ఖాళీ చేయకుండా పెట్టిన జాగ్రత్త అది. అత్యవసర చెల్లింపు ఉన్నరోజు సిమ్ మార్చకండి.

రెండో సిమ్‌కి రీఛార్జ్ గడువు ముగిస్తే ముందు అవుట్‌గోయింగ్, తర్వాత ఇన్‌కమింగ్ ఆగుతాయి. 90 రోజులపాటు వాడకుండా వదిలేసిన నంబరును ఆపరేటర్ రద్దు చేయవచ్చు. ఆ తర్వాత కొంతకాలానికి అది మరొకరికి వెళ్తుంది, మీ ఓటీపీలూ వాళ్లకే వెళ్తాయి. ఆ నంబరును నిలుపుకునే ఉద్దేశం లేకపోతే, అది పనిచేస్తుండగానే బ్యాంకుకు వెళ్లి, మీరు రోజూ వాడే నంబరును నమోదు చేయించుకోండి.