ముక్కు ఒప్పుకుంటేనే కళ్లజోడు

ఆన్‌లైన్‌లో కళ్లజోడు కొనేవాళ్లు సెల్ఫీ ఇస్తే, నచ్చిన ఫ్రేము ముఖానికి పెట్టి చూపిస్తున్నారు. ఆ బొమ్మను ఎంతవరకు నమ్మవచ్చు?

ముందుగా కొలత కుదరాలి. ఫొటోలోని ముఖం అసలు ఎంత వెడల్పో ఫోన్‌కు తెలియదు. అందుకే కొన్ని యాప్‌లు కంటి నల్లగుడ్డునే కొలబద్దగా తీసుకుంటాయి. పెద్దవాళ్లలో దాని వెడల్పు దాదాపు ఒకటే, సుమారు 11.7 మిల్లీమీటర్లు. సెల్ఫీలో అది 39 పిక్సెళ్లు వస్తే, ఒక్కో పిక్సెల్ 0.3 మిల్లీమీటర్లన్నమాట. 135 మిల్లీమీటర్ల వెడల్పున్న ఫ్రేము ఆ లెక్కన 450 పిక్సెళ్లు రావాలి. అయితే అది కంటికి 12 మిల్లీమీటర్లు ముందు ఉంటుంది. ఫోన్ 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, ఆ కాస్త దగ్గరకే 470 పిక్సెళ్ల దాకా కనిపించాలి. ఇది పట్టించుకోని యాప్ ఫ్రేమును చిన్నదిగా చూపిస్తుంది.

తర్వాత అసలు చిక్కు ముక్కుతో. చాలా బొమ్మల్లో ఫ్రేమును కళ్ల మధ్య నిలబెట్టేస్తారు. నిజంగా మాత్రం అది ముక్కు మీద జారుతూ వచ్చి, పట్టు దొరికిన చోట ఆగుతుంది. పైన సన్నగా ఉండే ముక్కు కిందికి వచ్చేకొద్దీ వెడల్పవుతుంది కాబట్టి, 16 మిల్లీమీటర్ల బ్రిడ్జి పైనే ఆగితే, 20 బ్రిడ్జి ఇంకాస్త కిందికి దిగుతుంది. మంచి ప్రివ్యూ ముఖానికి త్రీడీ నమూనా కట్టి, నోస్ ప్యాడ్లు ముక్కును తాకేదాకా ఫ్రేమును దించుతుంది. తాకిన చోట సన్నని నీడ కూడా వేస్తుంది. ఎదురుగా తీసిన ఒక్క ఫొటోలో ముక్కు ఎత్తు సరిగా తెలియదు. యాప్ సగటు ముఖాన్ని బట్టి ఊహిస్తుంది. ముక్కు దూలం అణిగి ఉన్నవాళ్లకు ఈ ఊహ తప్పుతుంది: తెర మీద చక్కగా కూర్చున్న జోడు ఇంటికొచ్చాక బుగ్గలకు తగులుతుంది.

ఇక అద్దాల మెరుపు. పూత లేని మామూలు ప్లాస్టిక్ అద్దం తన మీద పడిన కాంతిలో దాదాపు 8 శాతాన్ని వెనక్కి పంపుతుంది. యాంటీ రిఫ్లెక్షన్ పూత ఉంటే లేత ఆకుపచ్చ లేదా నీలం ఛాయ మాత్రమే మిగులుతుంది. కిటికీ ఎడమవైపు ఉంటే మెరుపు కూడా దానికి తగ్గట్టే పడాలి. వీడియోలో తల తిప్పినా తెల్లటి గీత అద్దం మీద అక్కడే ఉండిపోతే, అది అతికించిన మెరుపే. పైగా చాలా ప్రివ్యూలు పవర్ లేని అద్దాన్నే చూపిస్తాయి. మైనస్ 6 పవర్ అద్దం వెనక కళ్లు చిన్నగా కనిపిస్తాయన్న సంగతి వాటిలో తెలియదు.

కాబట్టి రంగు, ఆకారం తెర మీద ఎంచుకోండి. సరిపోతుందా లేదా అన్నది మీ పాత జోడు కాడ లోపలివైపు ఉండే 52□18-140 లాంటి అంకెలను అడగండి. అద్దం వెడల్పు, బ్రిడ్జి, కాడ పొడవు వరుసగా అవే. పాతది ముక్కు మీద నుంచి జారిపోతుంటే, ఇంకాస్త ఇరుకైన బ్రిడ్జి గానీ, సర్దుకునే నోస్ ప్యాడ్లు గానీ ఉన్నదాన్ని ఎంచుకోండి.