తెలిసిందీ చెప్పాలి, తెలియనిదీ చెప్పాలి

2018 మేలో కేరళలోని కోళికోడ్ జిల్లాలో నిపా వైరస్ బయటపడింది. మొదట జబ్బుపడిన కుటుంబం ఇంటి బావిలో గబ్బిలాలు కనిపించడంతో అందరి అనుమానమూ వాటిమీదే పడింది. భోపాల్ ల్యాబ్‌లో పరీక్షిస్తే వాటిలో వైరస్ లేదని తేలింది. ఆ ఫలితాన్ని అధికారులు దాచలేదు. అవి పురుగులు తినే గబ్బిలాలని, పండ్లు తినేవాటిని ఇంకా పరీక్షించాలని చెప్పారు. తర్వాత పండ్ల గబ్బిలాల్లోనే వైరస్ ఆనవాళ్లు దొరికాయి. మూలం దొరికిందని తొందరపడి ప్రకటించి ఉంటే, మర్నాడు మాట మార్చుకోవాల్సి వచ్చేది. అప్పుడు మిగతా హెచ్చరికలనూ జనం నమ్మరు.

‘భయపడకండి’ అన్నంత మాత్రాన భయం పోదు. ముప్పు ఎవరికో, ఏం చేయాలో చెబితే తగ్గుతుంది. నిపా మనుషుల మధ్య ఎక్కువగా రోగికి దగ్గరగా మెలిగినవారికే సోకుతుంది. కాబట్టి వాళ్లు 21 రోజులు జ్వరం వస్తుందేమో గమనించుకోవాలి, వస్తే వెంటనే ఆరోగ్య సిబ్బందికి ఫోన్ చేయాలి. మిగతావారు గబ్బిలాలు కొరికిన పండ్లు తినకూడదు.

ఇకపై ఏ అంటువ్యాధి ప్రకటన విన్నా నాలుగు విషయాలు వెతకండి: ఏం తెలుసు, ఏం తెలియదు, మనమేం చేయాలి, మళ్లీ ఎప్పుడు చెబుతారు. వాటిలో ఏది లేకపోయినా అధికారులను అడగండి.